అద్దె పోర్షన్‌లో పొయ్యి: గ్యాసా, ఇండక్షనా?

కోనసీమ జిల్లా ఆలమూరుకు బదిలీ మీద వచ్చిన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, సచివాలయం సిబ్బంది అద్దెకు తీసుకునే పోర్షన్లలో వంటగది చాలాచోట్ల ఒక మనిషి నిలబడి తిరిగేంతే ఉంటుంది. ఒక గోడకి గట్టు, గట్టు కింద బండ పెట్టుకునే ఖాళీ, పైన ఒక కిటికీ, స్విచ్‌బోర్డులో మిక్సీకి ఒక ప్లగ్గు. సామాను దించిన వారంలోనే ప్రశ్న వస్తుంది: గ్యాసు కనెక్షన్ ఇక్కడికి మార్పించుకోవాలా, ఇండక్షన్ పొయ్యి ఒకటి కొనుక్కుంటే సరిపోతుందా? ఇరుగుపొరుగును అడిగితే, కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుందని ఒకరు, గ్యాసు కంటే చవకని మరొకరు చెబుతారు. ఇద్దరూ తమ ఇంట్లో జరిగిందే చెబుతున్నారు. తేడా పొయ్యిలో లేదు, ఇంట్లో ఉంది. మీటరు ఎవరిది, దాని మీద ఇప్పటికే ఎన్ని యూనిట్లు తిరుగుతున్నాయి, వంటగది గోడలో ప్లగ్గు ఎంతది, మనం తెచ్చుకున్న గిన్నెలు ఏ లోహానివి అన్నవి తేలాక గాని ఏ పొయ్యి మంచిదో చెప్పడానికి లేదు. సొంతింటివాళ్లు వీటిని మార్చుకోగలరు. అద్దెకున్నవాళ్లు వీటికి తగ్గట్టు సర్దుకోవాలి.

ముందు వేడి లెక్క చూద్దాం. మన ఇళ్లలో వాడే బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. అది పూర్తిగా మండితే వచ్చే వేడిని కరెంటు కొలతలో చెబితే సుమారు 180 యూనిట్లు. అదంతా గిన్నెకు చేరదు. మన దేశపు ప్రమాణం ప్రకారం ఇంటి గ్యాసు పొయ్యి కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి. కాని అది పరీక్షశాలలో తగినంత వెడల్పు గిన్నె పెట్టి కొలిచిన అంకె. ఇంట్లో చిన్న టీగిన్నె పెట్టి మంట పెద్దది చేస్తే సగం వేడి గిన్నె పక్కలనుంచి పైకి పోతుంది. సగటున 55 నుంచి 60 శాతం వేసుకుంటే బండ నుంచి వంటకు పనికొచ్చేది వంద యూనిట్ల పైచిలుకు. ఇండక్షన్‌లో గిన్నె అడుగే వేడెక్కుతుంది కాబట్టి 85 శాతం దాకా వంటకు చేరుతుంది. ఆ లెక్కన ఒక బండ చేసే వంటను ఇండక్షన్ సుమారు 120 యూనిట్లలో చేస్తుంది. ఈ 120 అంకె ఒక్కటి గుర్తుంటే మిగతా లెక్క ఎవరికి వాళ్లే వేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ యూనిట్ల ఖరీదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ల కరెంటుకు ఒకే వరస శ్లాబులు అమలులో ఉన్నాయి. మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, ఆ తర్వాత 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. వీటి మీద కాలాన్ని బట్టి మారే సర్దుబాటు చార్జీలు, కొద్దిపాటి సుంకం ఉంటాయి. వాటికి యూనిట్‌కు ఓ అర్ధ రూపాయి వేసుకుందాం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి, 'యూనిట్ నాలుగు రూపాయలే కదా' అనుకోవడం. ఇండక్షన్ వాడకం ఇప్పటికే ఉన్న వాడకం పైన వచ్చి చేరుతుంది. ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్ చవక శ్లాబులను ముందే తినేసి ఉంటాయి. కొత్త పొయ్యికి దొరికేది పైమెట్టు ధరే.

ఇద్దరే ఉండే ఒక ఇంటిని తీసుకుందాం. భార్యాభర్తలకు బండ నెలన్నర వస్తుంది. అంటే నెలకు వాళ్ల వంట ఇండక్షన్ మీద 80 యూనిట్లు. గ్యాసు ధర 2025 ఏప్రిల్‌లో యాభై పెరిగి ఢిల్లీలో రూ.853 అయింది. రవాణా ఖర్చుల వల్ల ఊరిని బట్టి తేడా ఉంటుంది కాబట్టి ఇక్కడ రూ.880 అనుకుందాం. నెలకు గ్యాసు ఖర్చు సుమారు రూ.587. వీళ్లకు విడిగా మీటరు ఉంది, ఇండక్షన్ లేనప్పుడు నెలకు 90 యూనిట్లు కాలుస్తున్నారు. ఇండక్షన్ వస్తే 170 అవుతుంది. కొత్త 80 యూనిట్లలో మొదటి 35 నాలుగున్నర ధరలోను, మిగతా 45 ఆరు రూపాయల ధరలోను పడతాయి. రూ.427, పైన చార్జీలు నలభై, మొత్తం రూ.467 అవుతుంది. గ్యాసు కంటే నెలకు నూటఇరవై రూపాయలు తక్కువ.

అదే ఇంట్లో మే నెలలో ఏసీ పెట్టారనుకోండి. ఇండక్షన్ లేకుండానే 230 యూనిట్లు దాటింది. ఇప్పుడు పొయ్యి తాలూకు 80 యూనిట్లూ రూ.8.75 శ్లాబులోనే పడతాయి. రూ.700, చార్జీలతో రూ.740. అదే పొయ్యి, అవే వంటలు, కాని ఇప్పుడు గ్యాసు కంటే నూటయాభై రూపాయలు ఎక్కువ. అందువల్ల ఏసీ ఉన్నవాళ్లకు శీతాకాలంలో ఒక జవాబు, ఎండాకాలంలో ఇంకో జవాబు వస్తుంది.

అద్దె ఇళ్లలో అసలు చిక్కు మూడో రకం ఇంట్లో ఉంది. కింద యజమాని, పైన రెండు పోర్షన్లు, అందరికీ ఒకటే సర్వీసు. పోర్షన్లకు చిన్న సబ్‌మీటరు పెట్టి, యూనిట్‌కు ఇంత అని యజమాని వసూలు చేస్తారు. "ఇండక్షన్ పెట్టుకోమ్మా, కాదనను, కాని యూనిట్‌కు తొమ్మిది రూపాయలు పడుద్ది, ముందే చెప్తున్నా" అని ఇంటి పిన్నిగారు అన్నప్పుడు ఎక్కువ అడుగుతున్నారనిపిస్తుంది. కాని మూడు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే అది 225 ఎప్పుడో దాటుతుంది. అద్దెకున్నవాళ్లు అదనంగా కాల్చే ప్రతి యూనిట్‌కు ఆవిడ డిస్కంకు కట్టేది నిజంగానే తొమ్మిది పైన. ఇలాంటి ఇంట్లో పూర్తి వంట ఇండక్షన్ మీద చేయడం డబ్బు లెక్కలో గిట్టదు. దీనికి మందు పోర్షన్‌కు విడి సర్వీసు తీసుకోవడమే. దానికి యజమాని ఒప్పుకోవాలి. ఇంట్లో చేరకముందు అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ, చేరాక అడిగితే తక్కువ.

గ్యాసు వైపు లెక్కను తలకిందులు చేసేది మరొకటి ఉంది. రాష్ట్రంలో 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 పథకం కింద అర్హత ఉన్న తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు ఏడాదికి మూడు బండలు ఉచితం, నాలుగు నెలలకు ఒకటి చొప్పున. ఏడాదికి ఎనిమిది బండలు వాడే మన జంటకు ఆ అర్హత ఉంటే ఐదు బండలకే డబ్బు పడుతుంది. నెలకు గ్యాసు ఖర్చు రూ.587 నుంచి రూ.367కు దిగిపోతుంది. అప్పుడు విడి మీటరు ఉన్న ఇంట్లో కూడా ఇండక్షన్ గెలవదు. ఈక్వడార్ దేశంలో ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. అక్కడి ప్రభుత్వం 2014లో ముప్పై లక్షల ఇళ్లకు ఇండక్షన్ పొయ్యిలు చేర్చాలని పూనుకుంది. కొంత కరెంటు కూడా ఉచితంగా ఇచ్చింది. కాని బండ మీద రాయితీని అలాగే ఉంచింది. లక్ష్యంలో కొద్ది భాగమే నెరవేరింది. మన దేశంలో కేంద్రప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 2023లో ఇరవై లక్షల ఇండక్షన్ పొయ్యిలు పంపిణీ చేస్తామని ప్రకటించింది. గ్యాసు చవకగా అందే ఇంట్లో ఆ పొయ్యి ఎంతవరకు వెలుగుతుందన్నది ఈ లెక్కే తేలుస్తుంది.

డబ్బు సంగతి అలా ఉంచి గోడ దగ్గరికి వెళదాం. డబ్బు లెక్కలో తప్పితే నెలకు వంద, రెండు వందలు పోతాయి. గోడ లెక్కలో తప్పితే ఇల్లు అంటుకుంటుంది. బజారులో దొరికే ఇండక్షన్ పొయ్యిలు ఎక్కువగా 1800 నుంచి 2000 వాట్లవి. 2000 వాట్ల పొయ్యి పూర్తి వేగంలో దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వంటగదిలో మిక్సీకి పెట్టే చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది. పొయ్యితో వచ్చే ప్లగ్గు లావుపాటి మూడు పిన్నులది, అది చిన్న సాకెట్‌లో పట్టదు. అక్కడే ఆగాలి. కాని చాలామంది బజారుకు వెళ్లి ముప్పై రూపాయల కన్వర్టర్ పిన్ను తెచ్చి దూరుస్తారు, లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగుతారు. మొదటి వారం ఏమీ కాదు. చిన్న సాకెట్‌లోని రేకులు వేడికి మెత్తబడి పిన్నును వదులుగా పట్టుకుంటాయి. వదులైన చోట వేడి ఇంకా పెరుగుతుంది. కొన్నాళ్లకు సాకెట్ చుట్టూ తెల్లని ప్లాస్టిక్ పసుపురంగు తిరిగి, తర్వాత గోధుమరంగులోకి వస్తుంది. కాలిన బేకలైట్ వాసన చేపల నీచులా ఉంటుంది. మన వంటగదుల్లో ఆ వాసన నిజంగానే చేపలదనుకుని వదిలేస్తారు.

కనిపెట్టడానికి సులువైన పద్ధతి ఉంది. పది నిమిషాలు పూర్తి వేగంలో పొయ్యి వాడి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పిన్నులను తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు నిలపలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ మీద ఇక ఆ పొయ్యి వాడకూడదు. కావలసింది 16 ఆంపియర్ల సాకెట్, పాతవాళ్లు పదిహేను ఆంప్స్ ప్లగ్గు అనేది. దానికి మీటరు బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఒక ఎంసీబీ కావాలి. పాత ఇళ్లలో పెద్ద సాకెట్ ఉన్నా దాని వెనక లైట్లకు వేసిన సన్నని తీగే ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత మూత విప్పించి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఎర్తింగు కూడా అప్పుడే చూపించాలి. పొయ్యి మీద ఉన్నది స్టీలు గిన్నె, చేతులు తడిగా ఉంటాయి, ఎర్తు లేని ఇంట్లో చిన్న లీకేజీ అయినా గిన్నె పట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది.

దీనికి ఇంకో కొస ఉంది. పాత సర్వీసులు ఒక కిలోవాటు లోడుకే తీసుకున్నవి ఎక్కువ. రెండు కిలోవాట్ల పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల మోటారు ఒకేసారి నడిస్తే మీటరు ఆ గరిష్ట వాడకాన్ని నమోదు చేసుకుంటుంది. మంజూరైన లోడు దాటితే అదనపు లోడుకు డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టమని డిస్కం నోటీసు ఇస్తుంది. ఆ నోటీసు యజమాని పేరున వస్తుంది. అద్దెకున్నవాళ్లకు, ఇంటివాళ్లకు మధ్య మాట తేడా వచ్చేది చాలాసార్లు ఇక్కడే. మోటారు వేసే వేళకు పొయ్యి వాడకుండా ఉంటే సగం సమస్య తీరుతుంది. పొయ్యిని 2000 మీద కాక 1200 మీద నడిపినా కొంత తగ్గుతుంది, అన్నం మరో నాలుగు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

ఇక గిన్నెలు. ఇండక్షన్ పొయ్యి గాజుపలక కింద రాగి తీగచుట్ట ఉంటుంది. అది సెకనుకు ఇరవై ముప్పై వేలసార్లు దిశ మార్చే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పైన ఉన్న గిన్నె అడుగులో ఇనుము ఉంటే అందులో కరెంటు సుడులు తిరిగి అడుగే వేడెక్కుతుంది. సత్తు గిన్నె, ఇత్తడి గిన్నె, రాగి చెంబు, మట్టి దాక దీనికి పనికిరావు. స్టీలులోనూ కొన్ని రకాలు పనికిరావు. ఫ్రిజ్ తలుపు మీద బొమ్మ అయస్కాంతం తీసి గిన్నె అడుగుకు ఆనించండి. గట్టిగా పట్టుకుంటే గిన్నె పనికొస్తుంది, జారిపోతే రాదు. అడుగు చదునుగా కూడా ఉండాలి. గుండ్రటి అడుగున్న ఇనప మూకుడుకు అయస్కాంతం అంటుకుంటుంది గాని, పొయ్యి మీద అది తాకేది రూపాయి బిళ్లంత చోటే. పోపు వేసే చిన్న గరిటెను చాలా పొయ్యిలు గుర్తించవు, కూతపెట్టి ఆగిపోతాయి. సత్తు కుక్కర్‌తో కాపురం పెట్టినవాళ్లు ఇండక్షన్ అడుగున్న కుక్కర్, ఒక చదును బాణలి, రెండు గిన్నెలు కొత్తగా కొనాలి. ఆ ఖర్చు పొయ్యి ఖరీదును దాటిపోవడం మామూలే. నెలకు నూటఇరవై మిగిలే ఇంట్లో అది తీరడానికి రెండేళ్లు పట్టవచ్చు. ఈలోగా బదిలీ వచ్చినా గిన్నెలు మనతోనే వస్తాయి, అదొక్కటే ఊరట.

కోనసీమ వంట దగ్గరకొస్తే రెండు పొయ్యిల తేడా బాగా తెలుస్తుంది. అన్నం, పప్పు, పాలు, టీ, ఇడ్లీ, స్నానానికి నీళ్లు వంటివి ఇండక్షన్ మీద మంట కంటే బాగా సాగుతాయి. లీటరు నీళ్లు మూడు నిమిషాల్లో మరుగుతాయి. పాలు పొంగే వేళకు ఆపితే వేడి ఆ క్షణమే తెగుతుంది. కాని పులుసు వేరు. చేపల పులుసును సన్నని సెగ మీద, గరిటె పెట్టకుండా, దాకను పట్టుకుని తిప్పుతూ ఉడికిస్తారు. తక్కువ ఖరీదు ఇండక్షన్ పొయ్యిలు సన్నసెగ ఇవ్వలేవు. తెర మీద 300 అని చూపిస్తున్నా లోపల జరిగేది కొన్ని సెకన్లు వెయ్యి వాట్లతో వెలగడం, కొన్ని సెకన్లు పూర్తిగా ఆరడం. చెవి పెట్టి వింటే ఆ గుర్రు వచ్చి ఆగుతూ ఉండడం తెలుస్తుంది. పులుసు ఒకసారి కుతకుతమని, ఒకసారి చప్పబడుతుంది. చిక్కబడే కొద్దీ అడుగంటుతుంది. పైగా గాజు మీద దాకను ఎత్తి తిప్పితే పొయ్యి ఆగిపోతుంది. మందపాటి అడుగున్న గిన్నె వాడితే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది, ఎందుకంటే ఆరిన సెకన్లలో ఆ మందమే వేడిని పట్టి ఉంచుతుంది.

అట్ల విషయంలో చిక్కు తీగచుట్ట సైజుతో వస్తుంది. చిన్న పొయ్యిల్లో ఆ చుట్ట జానెడు కూడా ఉండదు. పెనం పెద్దదైతే మధ్యలో వలయంలా ఎర్రబడి అంచులు తెల్లగా మిగులుతాయి. పెనాన్ని మధ్యస్థంగా పెట్టి ముందు ఐదు నిమిషాలు తక్కువ మీద కాగనిస్తే అంచులకు వేడి పాకుతుంది. దిబ్బరొట్టె మందపాటి చదును అడుగు గిన్నెలో మూతపెట్టి చేస్తే వస్తుంది గాని సెగ దెబ్బ తగలకుండా కనిపెట్టుకుని ఉండాలి. వంకాయ కాల్చి పచ్చడి చేయడం, పుల్కా మంట మీద పొంగించడం ఇందులో కుదరదు. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం రెండింటిలో దేనికీ చెందవు. బోర్లించిన కుండ కింద కట్టెల మంట లేకపోతే ఆ రేకు తేలదు.

చిన్న వంటగదిలో ఇండక్షన్‌కు ఉన్న పెద్ద బలం ధరలో లేదు, ఉక్కలో ఉంది. ఇక్కడి మే, జూన్ నెలల్లో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. గ్యాసు పొయ్యి వేడిలో గిన్నెకు చేరని నలభై శాతం ఆ ఆరడుగుల గదిలోనే తిరుగుతుంది. మంట ఆరిపోతుందని ఫ్యాను వేసుకోవడానికి లేదు, ఒక్కోసారి కిటికీ కూడా ఓరగా వేస్తారు. మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా ఆ మూసిన గదిలో చేరుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, పిల్లలకు అది మంచిది కాదు. ఇండక్షన్ పెట్టుకుంటే ఫ్యాను నెత్తిమీదే తిరగనివ్వచ్చు. కిటికీ సరిగా లేని పోర్షన్ అయితే ఒక్క ఈ కారణంతో ఇండక్షన్ వైపు మొగ్గడం సబబే, నెలకు వందా నూటయాభై ఎక్కువైనా. ఒక జాగ్రత్త: ఇంట్లో గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవాళ్లు ఉంటే వాళ్లు ఇండక్షన్ దగ్గర నిలబడి వండే ముందు డాక్టరును అడగాలి.

గ్యాసంటే భయం ఈ ప్రాంతంలో ఊరికే రాలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అవి భూమిలోంచి తీసే, పైపుల్లో వెళ్లే గ్యాసు ప్రమాదాలు. వంటగదిలోని బండ సంగతి వేరు. దాని ప్రమాదం దాదాపు ఎప్పుడూ ట్యూబు దగ్గర, రెగ్యులేటర్ దగ్గర, గది మూసి ఉండటం దగ్గర మొదలవుతుంది. బండలోని గ్యాసు గాలి కంటే బరువు. కారితే పైకి పోకుండా నేల మీద పాకి, గట్టు కింద, గుమ్మం మూల పేరుకుంటుంది. అందుకే గట్టు కింద ఖాళీని చెక్క తలుపులతో మూసేసిన వంటగదిలో ఆ తలుపులకు కింది భాగాన బొక్కలు ఉండాలి. పొయ్యి బండ కంటే ఎత్తులో ఉండాలి. నారింజరంగు సురక్షా ట్యూబును ఐదేళ్లకోసారి మార్చాలి. అద్దెకు దిగేటప్పుడు పాతవాళ్లు వదిలేసిన ట్యూబు వాడకండి. దాని మీద అచ్చువేసిన సంవత్సరం చూస్తే ఎందుకో తెలుస్తుంది. సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటానికి నిమిషం పట్టదు. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కు ఫోను చేయాలి.

బదిలీ మీద వచ్చినవాళ్లకు గ్యాసులో చిక్కు కనెక్షన్ మార్పు. ఊరు మారితే బండ, రెగ్యులేటర్ పాత ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్ తీసుకుని, ట్రాన్స్‌ఫర్ వోచర్ పట్టుకుని కొత్త ఏజెన్సీకి వెళ్లాలి. వోచర్ పోగొట్టుకున్నవాళ్లు, అమ్మానాన్నల పేరు మీద ఉన్న కనెక్షన్ వాడుకునేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. కొత్త కనెక్షన్ అయితే 2022 జూన్ నుంచి బండకు డిపాజిట్టే రూ.2,200, రెగ్యులేటర్‌కు రూ.250. ఒంటరిగా ఉండేవాళ్లకు ఐదు కిలోల చిన్న బండ ఉంది. గుర్తింపు కార్డు చూపిస్తే చిరునామా రుజువు లేకుండా ఇస్తారు. కిలో లెక్కన చూస్తే పెద్ద బండ కంటే చాలా ఖరీదు. అందువల్లే కొందరు పెద్ద బండ నుంచి చిన్న బండలోకి గ్యాసు ఎక్కించే దుకాణాలకు వెళతారు. అలా నింపిన బండకు తూకం ఉండదు, వాల్వు పరీక్ష ఉండదు, ద్రవం ఉబ్బడానికి వదలాల్సిన ఖాళీ ఉండదు. ఆరడుగుల వంటగదిలో దాన్ని పెట్టుకోవడం కంటే ఇండక్షన్‌కు యూనిట్ పది రూపాయలు ఇచ్చినా నయం.

కరెంటు మీదే పూర్తిగా ఆధారపడకూడదన్న మాటకు కోనసీమలో బలం ఎక్కువ. 1996 నవంబరు 6 తుపాను ఇక్కడి స్తంభాలనూ తీగలనూ ఎలా పడగొట్టిందో ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కూడా కరెంటు సరఫరా తెగింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకూడదు. ఫ్యాన్లు, లైట్లు నడిపే ఇన్వర్టర్ మోసేది ఏడెనిమిది వందల వాట్లే, ఇండక్షన్ పెట్టగానే అది ట్రిప్ అవుతుంది. కరెంటు ఉన్నా ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి తగ్గితే కొన్ని పొయ్యిలు తెర మీద తప్పు సంకేతం చూపించి ఆగిపోతాయి. వాటికి ఇంకో శత్రువు బొద్దింక. పొయ్యి కింద గాలి లోపలికి లాగే ఫ్యాను దగ్గర వెచ్చగా ఉంటుంది, బొద్దింకలు అక్కడ చేరి సర్క్యూట్ బోర్డును పాడు చేస్తాయి. రాత్రి ప్లగ్గు తీసి, పొయ్యిని తుడిచి, నిలబెట్టి ఉంచితే అది ఎక్కువ కాలం మన్నుతుంది. గోడకు అరచేయంత దూరం ఉంచితే లోపలి వేడి బయటికి పోతుంది.

ఏ గిన్నె అయినా పెట్టుకోవచ్చని ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి కొనేవాళ్లు ఉన్నారు. సత్తు గిన్నె నడుస్తుంది, నిజమే. కాని అందులో గాజు కింద తీగ ఎర్రగా కాలి, గాజు ద్వారా గిన్నెను వేడిచేస్తుంది. కరెంటు ఎక్కువ తింటుంది, గదిలోకి వేడి వదులుతుంది, ఆపిన తర్వాత కూడా చాలాసేపు చెయ్యి కాలుతుంది. పాత గిన్నెలు మార్చడం ఇష్టం లేక దీన్ని కొనేకంటే గ్యాసు మీదే ఉండటం మేలు.

ఇవన్నీ చూశాక నేను ఇచ్చే సలహా ఇంటిని బట్టి మారుతుంది. విడి మీటరు, పెద్ద సాకెట్, నెలకు నూటయాభైలోపు వాడకం ఉన్న ఇద్దరి ఇంట్లో రోజువారీ అన్నం, పప్పు, పాలు, నీళ్లు ఇండక్షన్ మీద పెట్టి, పులుసు, తాలింపు, అట్లు గ్యాసు మీద ఉంచుకోవాలి. అలా చేస్తే నెలన్నర వచ్చే బండ మూడు నెలలకు దగ్గరగా వస్తుంది, కరెంటు పెరిగేది నలభై యూనిట్లే కాబట్టి ఆరు రూపాయల శ్లాబు దాటదు, తుపాను రోజుల్లో పొయ్యి ఆరదు. దీపం-2 బండలు వస్తున్న ఇంట్లో ఇండక్షన్ అవసరం ఉక్కపోతకే తప్ప ఖర్చుకు లేదు. అందరికీ ఒకే మీటరున్న ఇంట్లో గ్యాసే. ఏడాదిలోపు మళ్లీ బదిలీ ఉందని తెలిసిన ఒంటరి ఉద్యోగికి మాత్రం గ్యాసు డిపాజిట్, వోచర్ల తిరుగుడు కంటే ఒక ఇండక్షన్ పొయ్యి, అయస్కాంతం అంటుకునే రెండు గిన్నెలు, ఒక కుక్కర్ చాలు.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే మీటరు బోర్డు దగ్గర నిలబడి అడగాల్సినవి అడిగేయాలి. వంటగదిలో 16 ఆంపియర్ల పాయింటు లేకపోతే వేయించే ఖర్చు ఎవరిదో, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ తీగ, ఎంసీబీ ఎవరికి మిగులుతాయో అడ్వాన్సు ఇచ్చే ముందే అనుకోవాలి. "బాబాయిగారూ, తీగ ఖర్చు నేను పెట్టుకుంటానండి, మొదటి నెల అద్దెలో సగం తగ్గించండి" అంటే కాదనేవాళ్లు తక్కువ. పాయింటు వాళ్ల గోడలోనే ఉండిపోతుంది, తర్వాత వచ్చేవాళ్లకూ పనికొస్తుంది. లోడు ఒక కిలోవాటే ఉంటే దాన్ని రెండుకు పెంచే దరఖాస్తు మీద కూడా ఆయన సంతకం అప్పుడే తీసుకుంటే, తర్వాత నోటీసు వచ్చినప్పుడు మాట పడాల్సిన పని ఉండదు.